ట్యాగులున్నా ఏ పని పట్టుకోవాలో తేలకపోతే

"చేయాల్సిన పనుల జాబితాలో, ఏ పని ఎక్కడ చేయాలో బట్టి @ఫోన్, @కంప్యూటర్, @బయట అని ట్యాగులు పెట్టుకున్నాను. అయినా పది నిమిషాలు ఖాళీ దొరికితే ఏం చేయాలో తేలడం లేదు. కంప్యూటర్ జాబితాలోనే నలభై ఉన్నాయి."

ఆ నలభైలో 'వీసా దరఖాస్తు' లాంటివి ఎన్నున్నాయో చూడండి. అది ఒక పని కాదు. పాస్‌పోర్ట్ వెతకడం ఇంట్లో, ఫారం నింపడం కంప్యూటర్లో, ఫొటో దిగడం బయట. మొత్తాన్నీ @కంప్యూటర్ కింద పడేస్తే, కంప్యూటర్ ముందు కూర్చున్నా చేతిలో ఫొటో ఉండదు, రోజూ దాటేస్తారు. వరుసగా మూడుసార్లు దాటేసిన పని సాధారణంగా ఇలాంటిదే.

ట్యాగు మొదటి అడుగుకే పెట్టండి: "ఫొటో దిగాలి @బయట". అది కొట్టేశాకే "ఫారం నింపాలి @కంప్యూటర్" రాయండి. జాబితా సగానికి సగం తగ్గొచ్చు.

ఏ ట్యాగు అన్న సందేహం వస్తే, ఏది లేకపోతే ఆ అడుగు మొదలే కాదో అదే పెట్టండి. రెండు లైన్ల మెయిల్ జవాబుకి కంప్యూటర్ అక్కర్లేదు, అది @ఫోన్. మాట్లాడాల్సినవి మాత్రం @కాల్స్ అని విడదీయండి, వాటికి అవతలివాళ్లు దొరికే వేళ కావాలి. నంబరు, అడగాల్సిన ప్రశ్న ఆ పనిలోనే రాసి ఉంచండి. లేకపోతే మీ పది నిమిషాలూ వెతకడానికే పోతాయి.

గడువున్నవి క్యాలెండర్లో కూడా ఉండాలి. ట్యాగు తేదీని గుర్తుచేయదు.