పరుగు మధ్యలో మోషన్ రాకూడదంటే శుక్రవారం మధ్యాహ్నం నుంచే చూసుకోవాలి

"నెల్లూరులో ఉంటాను. వచ్చే నెల ఆదివారం హాఫ్ మారథాన్, ఉదయం 6కి స్టార్ట్. లాంగ్ రన్‌లో పది కిలోమీటర్లు దాటగానే మోషన్ అర్జెంటుగా వస్తుంది, ఆపుకోలేను. ఖాళీ కడుపుతో వెళ్లినా అంతే. ఏం తినాలి, ఏం మానాలి?"

ఖాళీ కడుపుతో వెళ్లినా వస్తోందంటే, ముందు అనుమానించాల్సింది అంతకుముందు ఒకటి రెండు రోజుల్లో తిన్నదాన్ని. తిన్నది పేగులన్నీ దాటి బయటికి పోవడానికి మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. గట్టిగా పరిగెత్తేటప్పుడు రక్తం కాళ్లకూ చర్మానికీ మళ్లి, పేగులకు బాగా తగ్గిపోతుంది. పైగా అడుగడుగునా కుదుపు. అప్పటికి పెద్దపేగు నిండా పీచు, గ్యాస్ ఉంటే అది ఆగదు. మన ఎండకూ ఉక్కకూ ఒళ్లు ఎండిపోతే ఇంకా తొందరగా వస్తుంది.

అందుకని శుక్రవారం మధ్యాహ్నం నుంచి పీచు తగ్గించండి. గోంగూర పప్పు, తోటకూర, అలసందలు, శనగలు, పెసరట్టు, రాగి సంకటి, కొర్రలు ఆపేయండి. ఇవన్నీ మంచి తిండే, ఈ రెండు రోజులకే వద్దు. చాలామంది పట్టించుకోనివి ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు. వీటిలో ఉండే ఒక రకం పిండిపదార్థం చిన్నపేగులో అరగదు, పెద్దపేగులోకి వెళ్లి పులిసి గ్యాస్ అవుతుంది. పప్పుల్లోనూ అలాంటివే ఉంటాయి. శనివారం కూరలో ఎర్రగడ్డ వేయకుండా వండమని ఇంట్లో ముందే చెప్పండి.

మరి శనివారం ఏం తినాలి? తెల్లన్నం, తొక్కా గింజలూ తీసిన సొరకాయ కూర, ఉడికించిన ఉర్లగడ్డ, గుడ్డు. చేప తినొచ్చు, అందులో పీచు ఉండదు. కానీ చేపల పులుసు వద్దు, ఆ కారం, నూనె, చింతపండు పులుపు రేసయ్యాక చూసుకుందాం. పసుపు, ఉప్పు, కొంచెం మిరియాలపొడి పట్టించి పెనం మీద కాల్చిన రెండు ముక్కలు చాలు. పాలు పడనివాళ్లకు పెరుగన్నం కూడా అనుమానమే. మధ్యాహ్నమే కడుపునిండా తినేసి, రాత్రి 7 లోపల తేలిగ్గా ముగించండి. పీచు తగ్గించడం రెండు రోజులకు మించొద్దు, మలబద్ధకం పట్టుకుంటే అదో ఇబ్బంది. నీళ్లు మాత్రం తగ్గించకండి.

ఆదివారం 3 గంటలకు లేవండి. 60 కిలోల మనిషికి సుమారు 60 గ్రాముల పిండిపదార్థం చాలు. అంటే నాలుగు మామూలు సైజు ఇడ్లీలు, ఒక పండిన అరటిపండు. ఇడ్లీలో పల్లీ చట్నీ, సాంబారు, నెయ్యి కారప్పొడి వద్దు, ఉప్పో చక్కెరో అద్దుకుని తినండి. ఇడ్లీలోని మినప్పప్పు కూడా పడకపోతే తెల్లన్నంలో ఉప్పు కలుపుకుని తినండి. మూడుంపావుకల్లా తినడం అయిపోవాలి. పొట్టలో తిండి పడగానే పెద్దపేగు కదులుతుంది, పొద్దున పూట మరీ ఎక్కువ. గోరువెచ్చని నీళ్లు గ్లాసున్నర తాగి, ఆ కదలికను ఇంట్లోనే వాడుకోండి. రోజూ కాఫీ అలవాటుంటే పాలు లేకుండా చిన్న కప్పు అప్పుడే తాగండి. 5:30కి స్టార్ట్ దగ్గర తాగితే అదే కదలిక రోడ్డు మీద వస్తుంది. మొదటిసారి 4 లోపల, ఇంకోసారి 5 తర్వాత టాయిలెట్‌కి వెళ్లి రండి.

దారిలో తాగేది చిక్కగా ఉండకూడదు. అర లీటరు నీళ్లకు 30 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు. తలగొట్టి కొలిస్తే ఏడు చిన్న చెంచాలు. అంతకు రెట్టింపు కలిపితే పేగు ఒంట్లోని నీటినే లోపలికి లాక్కుంటుంది, నీళ్ల విరేచనం అవుతుంది. ఎనర్జీ జెల్ తింటే దాని మీద మామూలు నీళ్లే తాగాలి. అలవాటు లేకుండా కొబ్బరినీళ్లు ఆ ఉదయమే మొదలుపెట్టకండి. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ముందుగా వేసుకోవద్దు, రక్తం తగ్గిన పేగును అవి ఇంకా దెబ్బతీస్తాయి.

ఇదంతా రేసు కన్నా ముందు వచ్చే రెండు లాంగ్ రన్‌లకు అచ్చంగా ఇలాగే చేసి చూడండి. కడుపు ఉబ్బరంగా, గ్యాస్‌తో మొదలై గట్టి మోషన్ వస్తే పప్పు, ఎర్రగడ్డ, పీచు ఇంకా తగ్గాలి. తాగిన కాసేపటికే నొప్పితో నీళ్లలా వస్తే చక్కెర పాళ్లు, పాలు, కాఫీ వైపు చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. పరుగు లేని రోజుల్లో కూడా ఇలాగే అవుతున్నా, మోషన్‌లో రక్తం కనిపించినా, బరువు తగ్గుతున్నా తిండి మార్చి సరిపెట్టుకోవద్దు, డాక్టరుకి చూపించుకోండి.