కవరు అప్పుడే అంటించకు

ప్రొద్దుటూరు,
సోమవారం రాత్రి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

తాంబూలాలకు ముందే అమ్మాయి తల్లిదండ్రులకు స్వయంగా ఉత్తరం రాస్తున్నావని అక్క ఫోనులో చెప్పింది. మురిసిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

చిన్న సంగతులు ముందు. తండ్రికి ఒక్కడికే కాదు, తల్లికీ కలిపి రాయి. తాంబూలాలు ఇంకా మారలేదు కాబట్టి ‘అత్తయ్యా, మామయ్యా’ అనకు. ‘పెద్దలకు నమస్కారాలు’ చాలు. జీతం రాస్తే కోతలు పోను చేతికొచ్చేది రాయి, కారు అప్పుతో సహా. పెళ్లయ్యాక ఆమె ఉద్యోగం మాటేమిటో తేల్చి చెప్పు. కంటికి రెప్పలా చూసుకుంటానని ఎవడైనా రాస్తాడు.

ఇంతకీ, ‘కట్నం వద్దు’ అని రాశావా?

1984లో నేనూ రాశాను, ఇన్‌లాండు లెటరు మీద, మీ తాతకు చెప్పకుండా. తాడిపత్రిలో తాంబూలాలనాడు ఆడవాళ్లు పళ్లెంలో తమలపాకులు సర్దుతుండగా మీ తాత నెమ్మదిగా అన్నాడు: ‘పదిహేను వేలు, ఒక స్కూటరు.’ మా మామగారి తెల్లచొక్కా జేబులోంచి నా ఉత్తరం నీలి అంచు కనిపిస్తోంది. ఆయన చెయ్యి జేబుదాకా వెళ్లింది. నావైపు చూశాడు. నేను పళ్లెంలో వక్కలు లెక్కపెడుతూ కూర్చున్నాను. చెయ్యి దించేసి, ‘అలాగే బావగారూ’ అన్నాడు. ఒక ఎకరం వేరుశనగ చేను అమ్ముకున్నాడు. కట్నం ఇవ్వడం, తీసుకోవడం, అడగడం కూడా 1961 చట్టం ప్రకారం నేరమే. ఆ సంగతి తెలిసిన వకీలొకాయన మా పక్కనే కూర్చుని ఉన్నాడు, వక్క నములుతూ. పెళ్లయిన ఏడాదికి మీ అత్త ఒకే ఒక్కసారి అడిగింది: ‘నాన్నకు ఆ ఉత్తరం రాసింది మీరేనా?’

వద్దని రాయడం తప్పు కాదురా. ఇంట్లో తేల్చుకోకుండా రాయడం తప్పు. ‘వాళ్లే ఇష్టంగా పెడతారులే’ అని అక్క అన్నదంటే తేలనట్టే. లాంఛనాలనీ అమ్మాయి బంగారమనీ మండపం ఖర్చనీ పేరు మార్చుకుని అదే తిరిగి వస్తుంది. అందుకే ఏది ఎవరి ఖర్చో మీ నాన్నచేత చెప్పించు. మండపం చెరిసగమైతే చెరిసగమని రాయి. కింద నీ సంతకం పక్కన మీ అమ్మానాన్నలిద్దరిచేతా సంతకాలు పెట్టించు. పెట్టడానికి వెనకాడితే ఆ ఉత్తరం ఇంకా పంపదగినది కాదు.

అక్క మొండిది, నాకు తెలుసు. నీ చదువుకు ఆమె గాజులు కుదువపెట్టింది. ఆ లెక్క మనసులో ఉంటుంది. నువ్వు గొంతు పెంచకు. ఆదివారం పొద్దున మొదటి బస్సుకు వస్తున్నాను, ఆమెతో నేను మాట్లాడతాను. మీ అత్త కూడా వస్తానంటోంది, చీనీకాయలు సంచికెత్తుతోంది. అంతవరకు కవరు అంటించకు.

మీ మామ