మీ నాయన కళ్ళు తిరిగి పడిపోయిన విషయం

అబ్బయ్యా, పొద్దున ఫోన్లో నీ కంగారు చూసి సరిగ్గా చెప్పలేకపోయా, నర్సు ఉద్యోగంలో ఇట్టాంటివి చాలా చూశాలే, నింపాదిగా చదువు.

తెల్లారుజామున ఒంటేలుకి లేచి బాత్రూం గుమ్మం దగ్గర మీ నాయన కూలబడితే ఇద్దరు చంకల కింద చేతులేసి కుర్చీలో కూచోబెట్టారన్నావే, అది చేయొద్దు. తలకి రక్తం చాలకే మనిషి పడిపోయేది, లేపి కూచోబెడితే ఇంకా అందదు. పడ్డచోటే వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు ఓ అడుగు ఎత్తులో దిండ్ల మీద పెట్టు, గుండీలు విప్పు. వాంతి వస్తే పక్కకి తిప్పు. పూర్తిగా తెలివొచ్చేదాకా నోట్లో చుక్క నీళ్ళు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాళాలు, ఉల్లిపాయలు వెతుక్కుంటా టైం పోగొట్టొద్దు. కొన్ని సెకన్లు చేతులు కొట్టుకున్నా అది ఫిట్సే అనుకోబాకు, మామూలు స్పృహ తప్పడంలో కూడా అట్టా వస్తుంది.

మామూలుగా ఒక నిమిషంలోపే కళ్ళు తెరుస్తారు. తెరవకపోతే 108కి ఫోన్ చెయ్. పలక్కుండా, ఊపిరి లేకుండా, లేదా ఉండుండి నోరు తెరిచి ఎగపీలుస్తున్నట్టుంటే ఆగకుండా రొమ్ము మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతానే ఉండు.

తెలివొచ్చాక పది పదిహేను నిమిషాలు పడుకోనిచ్చి, తర్వాత కూచోబెట్టి, ఆ తర్వాతే నిలబెట్టాలి. షుగర్ ఉంది కదా, అదీ చూడు.

ఇక అసలు సంగతి. పోయిన వారం ప్రోస్టేట్‌కి కొత్త మాత్ర మొదలుపెట్టారన్నావు, టామ్సులోసిన్ అయ్యుంటది, దాంతోపాటు పాత బీపీ మాత్ర, పైగా మన కావలి రోహిణి కార్తె ఎండ, నీళ్ళు సరిగ్గా తాగడు. నాకు అనుమానం దానిమీదే. ఇంట్లో మిషనుందిగా, ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడు, నిలబెట్టాక ఒక నిమిషం అయ్యాక ఒకసారి, మూడు నిమిషాలు అయ్యాక ఇంకోసారి చూడు, పక్కన పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి. పడుకున్నప్పుడు పైది 138 ఉండి నిలబడితే 104 అయిందనుకో, 34 పడినట్టు. పైది 20 గానీ కింది నంబరు 10 గానీ అంతకంటే ఎక్కువ పడితే లేవగానే బీపీ పడిపోతున్నట్టే లెక్క. ఆ నంబర్లు, మాత్రల చీటీ తీసుకుని డాక్టరు దగ్గరికి పో, ఆయనే డోసు మారుస్తాడు, నీ అంతట నువ్వు ఆపొద్దు. అప్పటిదాకా రాత్రిపూట మంచం అంచున రెండు నిమిషాలు కూచుని లేవమను, ఒంటేలు కూచునే పోయమను.

ఈ బీపీ లెక్క సరిపోయినా ఈసీజీ మాత్రం తీయించు, ఆయన వయసుకి అది తప్పదు. పడుకునున్నప్పుడో, నడుస్తానో బరువు మోస్తానో పడిపోయినా, ముందు గుండె దడో నొప్పో వచ్చినా, ఏ సూచనా లేకుండా దబ్బున పడినా, మలం నల్లగా వచ్చినా అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళుంటే డాక్టరుకి చెప్పు. తలకి దెబ్బ తగల్లేదు కాబట్టి ముందే స్కానింగ్‌కి పరిగెత్తొద్దు, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే మాత్రం చిన్న దెబ్బైనా చూపించు.

రేపు పొద్దున లేవగానే చూసిన బీపీ నంబర్లు నాకు మెసేజ్ పెట్టు.

మీ అత్త