డబ్బు తీసుకోవడానికి పిన్ ఎందుకు అక్కర్లేదు? కలెక్ట్ రిక్వెస్ట్‌కి మాత్రం ఎందుకు అడుగుతుంది?

*"పాత టేబుల్ 1,800కి అమ్మకానికి పెట్టాను. కొంటానన్న ఆయన వాట్సాప్‌లో క్యూఆర్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మీ ఖాతాలో పడుతుంది అంటున్నారు. మా తమ్ముడేమో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదంటాడు. కానీ కలెక్ట్ రిక్వెస్ట్ వస్తే పిన్ అడుగుతుంది కదా? ఏది నమ్మాలి?"*

మీ తమ్ముడి మాటే నిజం. ఆ క్యూఆర్‌ని స్కాన్ చేయకండి. చేసి పిన్ కొడితే 1,800 మీ ఖాతా నుంచి ఆయనకు వెళ్తాయి.

ముందు పిన్ సంగతి చూద్దాం. యూపీఐ పిన్ అంటే "నా ఖాతాలోంచి ఈ డబ్బు తియ్యి" అని మీ బ్యాంకుకు మీరిచ్చే ఒప్పుకోలు, చెక్కు మీద సంతకం లాంటిది. మీరు కొట్టిన 4 లేదా 6 అంకెలు ఎన్‌క్రిప్ట్ అయి మీ బ్యాంకుకు చేరతాయి. అవి సరైనవో కావో చూసేది మీ బ్యాంకే. సరిపోతే మీ ఖాతాలోంచి డబ్బు తీస్తుంది. ఆ తర్వాత అవతలి బ్యాంకు తన ఖాతాదారు ఖాతాలో జమ వేస్తుంది. జమ వేయడానికి దానికి కావాల్సింది ఏ ఖాతాలో వేయాలన్న వివరం ఒక్కటే. ఎవరి ఖాతాలోనైనా డబ్బు వేయడానికి వాళ్ల సంతకం ఎందుకు?

దీనికి రుజువు రోజూ కళ్లెదుటే ఉంటుంది. దుకాణంలో గోడకు అంటించిన క్యూఆర్ స్టిక్కర్‌కి మీరు డబ్బు కడతారు. ఆ సమయంలో యజమాని ఫోన్ స్విచ్ఛాఫ్ అయి ఉన్నా, ఆయన ఊళ్లో లేకపోయినా డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది. తీసుకునేవారి పిన్ కావాల్సి ఉంటే అదెలా కుదురుతుంది?

ఇప్పుడు ఆ క్యూఆర్ దగ్గరికి వద్దాం. ఆ నల్ల గళ్లలో ఉండేది మామూలు అక్షరాలే. ఆయన పంపినదాన్ని విప్పి చూస్తే దాదాపు ఇలా ఉంటుంది:

```
upi://pay?pa=xxxxxx@xxxx&am=1800.00&cu=INR&tn=Receive%201800
```

`pa` అంటే డబ్బు తీసుకునేవారి యూపీఐ ఐడీ. అది ఆయనది. `am` ఎంత మొత్తమో చెబుతుంది. మొదట్లో ఉన్నది `pay`. అంటే స్కాన్ చేసిన ఫోనే చెల్లించే ఫోన్. ఇక `tn` అన్నది నోట్ మాత్రమే, క్యూఆర్ తయారుచేసినవారు అందులో ఏమైనా రాసుకోవచ్చు. మోసం అంతా నడిచేది ఆ చివరి ముక్క మీదే. తెర మీద "రిసీవ్ 1800" అని కనబడగానే డబ్బు వస్తోందనుకుంటాం. ఆ మాటకూ డబ్బు నడిచే దిక్కుకూ సంబంధమే లేదు. డబ్బు తీసుకునేవారు క్యూఆర్ చూపిస్తారు, ఇచ్చేవారు స్కాన్ చేస్తారు. మీరు అమ్ముతున్నారు కాబట్టి క్యూఆర్ మీది అయ్యుండాలి, స్కాన్ ఆయన చేయాలి.

కలెక్ట్ రిక్వెస్ట్ దగ్గర మీ సందేహం సహజమే, ఎందుకంటే అక్కడ వరస తిరగబడుతుంది. మామూలు చెల్లింపులో పని మొదలుపెట్టేవారే డబ్బు ఇచ్చేవారు. కలెక్ట్‌లో మొదలుపెట్టేది తీసుకునేవారు: "ఫలానా యూపీఐ ఐడీ నుంచి ఇంత ఇప్పించండి" అని అడుగుతారు. అలా అడగడానికి వాళ్లకు పిన్ అక్కర్లేదు. ఆ అడగడం నోటిఫికేషన్‌గా మీ ఫోన్‌కి వస్తుంది. మీరు ఒప్పుకుని పిన్ కొడితే డబ్బు మీ దగ్గర్నుంచే వెళ్తుంది. ఎవరు మొదలుపెట్టినా సరే, పిన్ మాత్రం డబ్బు పోయే ఖాతాదారే కొట్టాలి. మీ తమ్ముడు చెప్పినదీ, మీరు చూసినదీ రెండూ ఒకటే నియమం.

ఈ తిరకాసును వాడుకుని జరిగిన మోసాలు ఇన్నీ అన్నీ కావు. అందుకే 2025 అక్టోబర్ 1 నుంచి వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్ట్‌లను యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆపించింది. అంతకుముందు వాటికి 2,000 రూపాయల పరిమితి ఉండేది. ఆ ఆంక్ష వ్యాపారుల రిక్వెస్ట్‌లకు వర్తించలేదు. కాబట్టి మీరు ఎక్కడా ఏదీ కొనకుండానే ఏదో దుకాణం పేరుతో రిక్వెస్ట్ వస్తే తిరస్కరించండి. వదిలేసినా గడువు తీరి అదే పోతుంది, కానీ పొరపాటున వేలు తగిలే అవకాశం ఎందుకు ఉంచుకోవాలి?

పిన్ పేజీ వచ్చినప్పుడు అంకెల మీదకు పోకుండా పైన ఏముందో చదవండి. ఎవరికి, ఎంత అన్నది అక్కడే ఉంటుంది. మొత్తమూ, అవతలివారి పేరూ కనిపిస్తే అది మీ డబ్బు బయటకు వెళ్లే దారి. 2025 జూన్ 30 నుంచి చెల్లించే ముందు యాప్‌లు అవతలివారి బ్యాంకు ఖాతాలో ఉన్న అసలు పేరే చూపించాలన్న నియమం వచ్చింది. కొనేవారు చెప్పిన పేరు ఒకటి, తెర మీద పేరు మరొకటి అయితే అక్కడే ఆగిపోవచ్చు.

డబ్బు పంపకపోయినా పిన్ అడిగే సందర్భాలూ ఉన్నాయి, బ్యాలెన్స్ చూసుకోవడం లాంటివి. డబ్బు పడిందో లేదో చూద్దామని బ్యాలెన్స్ నొక్కితే పిన్ అడుగుతుంది కాబట్టి, చాలామందికి "డబ్బు రావడానికీ పిన్ కావాలేమో" అన్న భ్రమ ఇక్కడే పుడుతుందని నా అనుమానం. ఆ పేజీలో చెల్లించాల్సిన మొత్తం ఉండదు, అవతలివారి పేరూ ఉండదు. అదే తేడా.

దీన్ని తిరగేసి "పిన్ అడగకపోతే డబ్బు పోదు" అని మాత్రం అనుకోకండి. యూపీఐ లైట్ ఆన్ చేసుకుని ఉంటే 1,000 రూపాయల లోపు చెల్లింపులు పిన్ లేకుండానే వెళ్లిపోతాయి. ఆటోపేకి ఒకసారి పిన్ కొట్టి ఒప్పుకుంటే తర్వాతి వాయిదాలు చాలావాటికి మళ్లీ అడగకుండానే కోత పడతాయి. కాబట్టి తెలియని క్యూఆర్‌ని "ఊరికే స్కాన్ చేసి చూద్దాం" అనుకున్నా, స్కాన్ దగ్గరే ఆగండి, చెల్లించే బటన్ నొక్కొద్దు.

ఇక మీ టేబుల్ సంగతి. ఆయనకు మీ క్యూఆర్ పంపండి, లేదా యూపీఐ ఐడీ ఇవ్వండి. "మా కంపెనీ ఖాతా నుంచి అలా కుదరదు, మీరే స్కాన్ చేయాలి" అంటే బేరం అక్కడితో సరి. అలాంటి పద్ధతి ఏ బ్యాంకులోనూ లేదు. నమ్మకం కుదర్చడానికి ముందుగా ఒక రూపాయో పదో నిజంగానే పంపుతారు, దానికి మోసపోవద్దు. ఆ రూపాయి వచ్చినప్పుడు మీరేమీ స్కాన్ చేయలేదు, పిన్ కొట్టలేదు. మిగతా 1,799 కూడా అదే దారిలో పంపమనండి. స్క్రీన్‌షాట్ చూసో, మెసేజ్ చూసో టేబుల్ ఇచ్చేయకండి. మీ బ్యాంకు యాప్‌లో జమ కనబడ్డాకే ఇవ్వండి.

ఇప్పటికే పిన్ కొట్టేసి ఉంటే, "ఫెయిలైంది, ఇంకోసారి స్కాన్ చేయండి, రెండూ కలిపి వెనక్కి వస్తాయి" అని చెబుతారు. రెండోసారి చేస్తే రెండోసారీ పోతాయి. ఫోన్ పెట్టేసి యాప్ చరిత్రలో ఆ లావాదేవీ తెరవండి. అందులో ఉన్న 12 అంకెల యూటీఆర్ నంబరు రాసుకుని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. బ్యాంకుకూ అదే నంబరు చెప్పండి. ఆయన ఆ డబ్బును వేరే ఖాతాకు మళ్లించేలోపు ఫిర్యాదు చేరితేనే దాన్ని ఆపే వీలుంటుంది.