బుకింగ్ పేజీలో పార్లర్ యజమాని పరిచయం: కస్టమర్ కళ్ల ముందు చేసేదే రాయండి

ప్రశ్న: ఐటీఐలో కాస్మెటాలజీ కోర్సు చేసి, విశాఖపట్నంలో ఒక సెలూన్‌లో నాలుగేళ్లు పనిచేశాను. ఇప్పుడు రాజమహేంద్రవరంలో రెండు కుర్చీలతో సొంత పార్లర్ పెట్టుకున్నాను. ఆన్‌లైన్ బుకింగ్ పేజీ కోసం నా శిక్షణ, ప్రత్యేకతలు, పరిశుభ్రత గురించి పరిచయం రాయమన్నారు. ‘అంతర్జాతీయ శిక్షణ పొందిన స్కిన్, హెయిర్ నిపుణురాలు. మొటిమలు, మంగుతో సహా అన్ని సమస్యలకూ పరిష్కారం. 100 శాతం పరిశుభ్రత’ అని రాసుకున్నాను. హెయిర్ కలర్ కంపెనీ ఒకరోజు వర్క్‌షాప్ సర్టిఫికెట్ కూడా ఉంది. ఇది సరిపోతుందా?

జవాబు: సరిపోదమ్మా. మీకున్న చదువు, అనుభవం మీరు రాసుకున్న మూడు వాక్యాల్లో ఎక్కడా కనిపించడం లేదు. ఈ వాక్యాలను ఏ పార్లర్ పేరు కింద పెట్టినా సరిపోతాయి. కొత్త పార్లర్‌కు మొదటిసారి రాబోయే మహిళ అడిగేవి మామూలు ప్రశ్నలు. ఈమె ఎక్కడ నేర్చుకుంది? ఏ పని బాగా చేస్తుంది? నా ముఖానికి, కాళ్లకు వాడే సామాను అంతకుముందు ఎవరికి వాడింది, ఆ తర్వాత ఎలా కడిగింది? వీటికి జవాబులు రాస్తే చాలు. ఆమె కుర్చీలో కూర్చుని చూసినప్పుడు ప్రతి వాక్యమూ నిజమై ఉండాలి.

శిక్షణ గురించి రెండు వాక్యాలు చాలు. ఐటీఐలో కాస్మెటాలజీ ఏడాది కోర్సు. ఆ ఏడాది చదువును ‘అంతర్జాతీయ శిక్షణ’ అనే మాట వెనక దాచేశారు. సర్టిఫికెట్ మీద ట్రేడ్ పేరు ఎలా ఉందో అలాగే రాయండి, ఊరు, పాసైన సంవత్సరం చేర్చండి. జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ అయితే ఆ మాట కూడా రాయండి. ‘అంతర్జాతీయ’ అన్న మాట సిడెస్కో వంటి డిప్లొమాకు రాత, ప్రాక్టికల్ పరీక్షలు రాసి పాసైనవారు వాడుకోవాలి. ఒకరోజు వర్క్‌షాప్‌ను ‘హాజరయ్యాను’ అని రాస్తే అది గౌరవంగానే ఉంటుంది. ‘సర్టిఫైడ్ నిపుణురాలు’ అని రాస్తే, ఏం నేర్పారని అడిగిన మొదటి కస్టమర్ దగ్గరే ఇబ్బంది పడతారు. విశాఖలో పనిచేసిన సెలూన్ పేరుకన్నా, ఆ నాలుగేళ్లలో మీ చేతికి ఏ పని అప్పగించారో చెప్పడం ముఖ్యం.

‘స్కిన్ నిపుణురాలు’, ‘మొటిమలు, మంగుకు పరిష్కారం’ అన్నవి పూర్తిగా తీసేయండి. మొటిమలు, మంగు చర్మవైద్యులు చూడాల్సినవి. మీరు చేసే ఫేషియల్ చర్మాన్ని శుభ్రపరుస్తుంది, కాసేపు తేటగా కనిపించేలా చేస్తుంది. తయారైన మొటిమల మీద గట్టిగా మసాజ్ చేస్తే అవి ఎర్రబడి ఇంకా పెరుగుతాయి. జరగనిదాన్ని జరుగుతుందని ప్రకటించడం 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. దీనికి బదులు ‘చీము పట్టిన మొటిమలు ఉంటే ఫేషియల్ చేయను, చర్మవైద్యులను కలవమని చెబుతాను’ అని రాయండి. ఆ రోజు ఒక ఫేషియల్ పోవచ్చు. కానీ ఆ వాక్యం చదివిన తల్లి పెళ్లి కుదిరిన కూతుర్ని మీ దగ్గరికే తీసుకొస్తుంది.

ప్రత్యేకతలుగా రెండు మూడు పనులు ఎంచుకోండి. మీరు చేసేవన్నీ రేట్ల పట్టికలో ఎలాగూ ఉంటాయి. వచ్చినవాళ్లు మళ్లీ ఏ పని కోసం వస్తున్నారో మీ పుస్తకంలో చూసుకుంటే మీ ప్రత్యేకత తెలిసిపోతుంది. పెళ్లికూతురి ముస్తాబు వాటిలో ఉంటే ‘బ్రైడల్ మేకప్’ అని వదిలేయకండి. పూలజడ మీరే అల్లుతారా, చీర మీరే కడతారా, తెల్లవారుజామున ముహూర్తమైతే ఇంటికి వస్తారా, ముందు ట్రయల్ ఉందా అన్నవే వాళ్లు అడిగే ప్రశ్నలు. మాఘంలో, శ్రావణంలో ఒకే ముహూర్తానికి ఇద్దరు ముగ్గురిని ఒప్పుకుని, చివరికి ఎవరికో అసిస్టెంట్‌ను పంపడం ఈ వృత్తిలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు. ‘ఒక ముహూర్తానికి ఒకే పెళ్లికూతురు’ అని రాసి, అలాగే నడుచుకుంటే అంతకు మించిన ప్రత్యేకత అక్కర్లేదు.

జుట్టుకు రంగు వేయడం మీ రెండో ప్రత్యేకత అయితే ప్యాచ్ టెస్టు సంగతి పరిచయంలోనే ఉండాలి. ఎక్కువ శాతం నల్ల డైలలో, ‘బ్లాక్ హెన్నా’ పేరుతో అమ్మే చాలా పొడుల్లో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. కొందరికి దానితో ముఖం వాస్తుంది, తలమీద నీటి పొక్కులు వస్తాయి. అంతకుముందు పదిసార్లు వేసుకుని ఏమీ కానివాళ్లకు పదకొండోసారి కావచ్చు. అందుకే 48 గంటల ముందు చెవి వెనకో, మోచేతి మడతలోనో కొంచెం రాసి చూడాలి. ఇది బుకింగ్‌ను కూడా మారుస్తుంది. శనివారం రంగు కావాలంటే గురువారం ఐదు నిమిషాలు వచ్చి వెళ్లాలి. ఈ సంగతి ముందే తెలియకపోతే ఆమె శనివారం వచ్చి కూర్చుంటుంది, మీరు మొహమాటానికి టెస్టు మానేస్తారు.

ఇక పరిశుభ్రత. మిగతా రెండింటికన్నా దీనికే ఎక్కువ చోటు ఇవ్వండి. ‘100 శాతం పరిశుభ్రత’ అనేది ఎవరూ కొలవలేని మాట. ‘స్టెరిలైజ్ చేసిన పరికరాలు’ అన్నది ఇంకా ప్రమాదం, ఎందుకంటే చాలా పార్లర్లలో ఆ మాటకు ఆధారం నీలం లైటు వెలిగే అతినీలలోహిత పెట్టె మాత్రమే. ఆ వెలుగు తగిలిన వైపు మీదే పనిచేస్తుంది. కత్తెర మడత లోపల, ఒకదాని కింద ఒకటి పెట్టిన పుషర్ల మధ్య, చర్మపు పొట్టు అంటుకున్న చోట అది చేరదు. శుభ్రం చేసిన సామాను దాచుకోవడానికి ఆ పెట్టె బాగుంటుంది. శుభ్రం చేయడానికి కాదు.

శుభ్రం చేయడంలో మూడు మెట్లున్నాయి. మొదట సబ్బునీళ్లతో బ్రష్ పెట్టి కడగాలి. మురికి ఉంటే ఏ మందూ లోపలికి చేరదు. తర్వాత డిస్‌ఇన్ఫెక్టెంట్‌లో పూర్తిగా ముంచి, డబ్బా మీద రాసినంతసేపు, సాధారణంగా 10 నిమిషాలు, ఉంచాలి. ముంచి వెంటనే తీసేస్తే కడిగినట్టే తప్ప అంతకు మించి ఏమీ కాదు. మూడోది స్టెరిలైజేషన్. చర్మాన్ని కోసే, గుచ్చే పరికరాలకు అది కావాలి. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో, సామాను విడిగా ఉందా, పొట్లం కట్టి ఉందా అన్నదాన్ని బట్టి 15 నుంచి 30 నిమిషాలు ఉంచాలి. ప్రెషర్ కుక్కర్ తరహా చిన్నవి కూడా దొరుకుతాయి. పొట్లం మీద అతికించే సూచిక టేపు రంగు మారిందో లేదో ప్రతిసారీ చూడాలి. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది. కంటికి కనిపించని రక్తపు తడి ఆరిపోయినా సరే. నిప్పర్, బ్లాక్‌హెడ్ తీసే సూది వాడేవారికి అందుకే ఈ మూడో మెట్టు తప్పదు.

మీ దగ్గర ఆటోక్లేవ్ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే కొనేదాకా క్యూటికల్స్ కత్తిరించకండి. వెచ్చని నీటిలో మెత్తబడ్డాక వెనక్కి నెట్టి వదిలేయండి. ఆ సంగతి పేజీలో చెప్పుకోండి కూడా.

పెడిక్యూర్ టబ్ విషయంలో ఒక ఘటన ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలియాలి. 2000లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, వాట్సన్‌విల్‌లో ఒక నెయిల్ సెలూన్‌కు వెళ్లిన వందమందికి పైగా మహిళలకు మోకాళ్ల కింద మానని కురుపులు లేచాయి. కారణం మైకోబ్యాక్టీరియం ఫార్చూయిటమ్ అనే సూక్ష్మజీవి. నీళ్లు సుడులు తిప్పే టబ్బుల్లో, నీరు లోపలికి పీల్చుకునే జల్లెడ వెనక వెంట్రుకలు, చర్మపు పొట్టు పేరుకుని ఉన్నాయి. ఆ జల్లెడ విప్పి ఎవరూ కడగలేదు. పెడిక్యూర్‌కు ముందు రేజర్‌తో కాళ్లు గీసుకున్నవాళ్లకు ముప్పు ఎక్కువని పరిశోధనలో తేలింది.

దీని నుంచి మీ పేజీకి రెండు వాక్యాలు వస్తాయి. మొదటిది, మోటారు లేని మామూలు టబ్ వాడండి, ప్రతి కస్టమర్ తర్వాత సబ్బుతో తోమి, డిస్‌ఇన్ఫెక్టెంట్ నీళ్లు 10 నిమిషాలు నిలపండి. 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణం ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపితే సరిపోతుంది. దాన్ని టాయిలెట్ కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. లోహపు సామానుకు వాడితే తుప్పు పడుతుంది. రెండోది, వ్యాక్సింగ్, పెడిక్యూర్ ఒకే రోజు ప్యాకేజీగా ఇస్తుంటే పెడిక్యూర్ ముందు చేయండి, వ్యాక్సింగ్ తర్వాత. కాళ్లు గీసుకుని వచ్చినవాళ్లకు పెడిక్యూర్ ఇంకో రోజుకు మార్చండి.

త్రెడ్డింగ్‌లో దారం పళ్ల మధ్య పట్టుకోవడం మన ఊళ్లలో మామూలే. మెడకు చుట్టుకుని చేసే పద్ధతి అలవాటు చేసుకోండి, ప్రతి కస్టమర్‌కూ కొత్త దారం తెంచండి. వ్యాక్స్‌లో ఒకసారి ముంచిన స్పాచులాను మళ్లీ డబ్బాలో ముంచకండి. ఈ రెండూ కస్టమర్ కళ్ల ముందే జరుగుతాయి కాబట్టి పేజీలో ఉంటే ఆమె తప్పకుండా గమనిస్తుంది. ఎమరీ ఫైలు, ఆరెంజ్ పుల్లలు కడిగి మళ్లీ వాడేవి కావు. వాటిని వాడిన వెంటనే పారేయాలి, లేదా ఆమె సంచిలోనే పెట్టి పంపాలి.

వీటన్నిటినీ కలిపి మీకోసం ఇలా రాశాను. ఖాళీలు మీ వివరాలతో నింపుకోండి, మీరు చేయనిది ఏదైనా ఉంటే కొట్టేయండి:

‘నేను ____లోని ఐటీఐలో కాస్మెటాలజీ కోర్సు ____లో పూర్తి చేశాను. విశాఖపట్నంలో నాలుగేళ్లు పనిచేశాను. అక్కడ ఎక్కువగా చేసినవి ____, ____. పెళ్లికూతురి ముస్తాబు, పూలజడ, చీర కట్టడం నేనే చేస్తాను. ఒక ముహూర్తానికి ఒకే పెళ్లికూతుర్ని ఒప్పుకుంటాను. జుట్టుకు రంగు వేయించుకునేవారు ప్రతిసారీ రెండు రోజుల ముందు ప్యాచ్ టెస్టుకు రావాలి. త్రెడ్డింగ్‌కు ప్రతిసారీ కొత్త దారం, నోట్లో పట్టుకోను. వ్యాక్స్‌లో ఒక స్పాచులా ఒకసారే ముంచుతాను. పెడిక్యూర్ టబ్‌ను ప్రతి కస్టమర్ తర్వాత కడిగి, 10 నిమిషాలు డిస్‌ఇన్ఫెక్టెంట్‌లో ఉంచుతాను. అందుకే రెండు బుకింగ్‌ల మధ్య 20 నిమిషాల విరామం ఉంటుంది. క్యూటికల్స్ కత్తిరించను. చీము పట్టిన మొటిమలు, పుండ్లు ఉంటే ఆ చోట ఏ పనీ చేయను.’

ఆ 20 నిమిషాల విరామాన్ని బుకింగ్ సెట్టింగుల్లో మీరే పెట్టుకోవాలి. లేకపోతే బుకింగ్ పేజీ ఒకరి వెంట ఒకరికి టైము ఇచ్చేస్తుంది, టబ్ కడగడానికి వ్యవధి ఉండదు. రేపు రెండో కుర్చీకి ఒక అమ్మాయిని పెట్టుకుంటే, ఈ పేజీని ఆమెతో మొదటి రోజే చదివించండి. ఆమె ఏ వాక్యం పాటించలేకపోతుందో దాన్ని ఆమెకు నేర్పేదాకా ఆ పని మీరే చేయండి.