పరుపులు చాలని ఇల్లు

"సార్, మాది తిరుపతి, కొర్లగుంట. ప్రైవేటు ఉద్యోగం, చేతిలో 2 లక్షలు ఉన్నాయి. చిన్న బిజినెస్ పెట్టాలని ఉంది కానీ ఐడియా తట్టట్లేదు. మా బామ్మర్ది టీ ఫ్రాంచైజీ తీసుకుందాం అంటున్నాడు. ఏం చేయమంటారు?"

బామ్మర్దిని ఒక నెల ఆగమనండి. జేబులో పట్టే నోటుబుక్కు ఒకటి కొని, మీకు విసుగు తెప్పించిన ప్రతిదీ అప్పటికప్పుడే రాయండి: తేదీ, ఏం జరిగింది, ఎంతసేపు పోయింది, గట్టెక్కడానికి ఎంత ఖర్చయింది. రాత్రికి రాద్దాంలే అనుకుంటే సగం గుర్తుండవు, రోజూ పడే ఇబ్బంది మనకు ఇబ్బందిగా అనిపించడమే మానేస్తుంది కదా. నెలాఖరుకి మూడు నాలుగు సార్లు వచ్చినవి మాత్రం ఉంచి మిగతావి కొట్టేయండి.

నేను రాసుకున్నప్పుడు పదే పదే వచ్చింది చుట్టాల గొడవ. తిరుపతిలో ఇల్లుంటే మీకూ తెలిసిందే, శుక్రవారం రాత్రి ఫోన్, "దర్శనం టికెట్లు దొరికాయి, ఆరుగురం వస్తున్నాం" అని. ఇంట్లో పరుపులు రెండే. మా ఆవిడ పై పోర్షన్ వాళ్లను దిండ్లు అడిగి తెస్తుంది, వాళ్లకీ అదే రోజు చుట్టాలు దిగితే ఇక అంతే సంగతులు.

ఇది అందరి బాధా కాదా తేల్చుకోవాలంటే ఒక పదిహేను ఇళ్లు తిరగాలి. "పరుపులు అద్దెకిస్తే తీసుకుంటారా?" అని అడగొద్దు, మొహమాటానికి అందరూ ఊఁ అంటారు. "పోయినసారి చుట్టాలొస్తే ఏం చేశారు, ఎంతైంది?" అని అడగండి. పక్కింట్లో తెచ్చుకున్నాం అన్నవాళ్లను వదిలేయండి, ఊరికే వచ్చేదానితో మనం పోటీ పడలేం. లాడ్జిలో రూమ్ తీశామనో, నాలుగు పరుపుల కోసం టెంట్ హౌస్ అతను రానన్నాడనో చెప్పినవాళ్లను లెక్కపెట్టండి. అలాంటి ఇళ్లు నాలుగైదైనా తేలకపోతే ఇంకో పేజీ తిప్పండి.

తేలితే పది సెట్లతో మొదలుపెట్టొచ్చు. పరుపు, దిండు, రెండు జతల దుప్పట్లు కలిపి సెట్టు 1,600 అనుకుంటే 16,000. రాత్రికి సెట్టు 80 చొప్పున నాలుగు సెట్లు రెండు రాత్రులకిస్తే 640 వస్తుంది, ఉతుకుడికి 120, రానూపోనూ ఆటోకి 120 తీసేస్తే 400. అంటే 40 ఆర్డర్లకు పెట్టుబడి వెనక్కి, వారానికి రెండు ఆర్డర్లొస్తే ఐదు నెలల లోపే. అదే రెండు సెట్ల ఆర్డరైతే ఆటో ఖర్చు తగ్గదు, 140 మాత్రమే మిగులుతుంది, కాబట్టి నాలుగుకి తక్కువ అడిగినవాళ్లకు మీ వీధి దాటి వెళ్లొద్దు.

దెబ్బ తినేది ఇంకోచోట. గరుడ సేవకి, వైకుంఠ ఏకాదశికి అందరూ ఒకేసారి అడుగుతారు, ఆ ఊపులో యాభై సెట్లు కొంటే మిగతా ఏడాదంతా అటక మీదే. మూడు నెలలు చూసి, ఒకసారి తీసుకున్న ఇంటివాళ్లు మళ్లీ ఫోన్ చేయకపోతే ఆపేయండి. మిగిలిన 1,84,000 బ్యాంకులోనే ఉంటుంది, ఆ పది పరుపులంటారా, మీ చుట్టాలకే పనికొస్తాయి.