ఫిర్యాదు చేశాక రేటింగ్ పడిపోయింది, ఇది కక్షేనని చూపించేదెలా?

"మా అమ్మాయి హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో నాలుగేళ్లుగా చేస్తోంది. నవంబర్‌లో డెలివరీ మేనేజర్ మీద, ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే పోష్ కమిటీకి ఫిర్యాదు ఇచ్చింది. విచారణ ఇంకా తేలలేదు. జనవరి 22న టీమ్ లీడ్ బాధ్యత తీసేశారు. ఏటా 4 వచ్చే రేటింగ్ మార్చిలో 2 అయింది. ఇచ్చింది వేరే మేనేజర్ కాబట్టి ఫిర్యాదుకూ దీనికీ సంబంధం లేదంటున్నారు. కక్షతో చేశారని నిరూపించగలమా? లేక రాజీనామా చేయించి అమెరికాలో ఎంఎస్‌కి పంపడం మంచిదా? అసలు ఫిర్యాదు చేయకుండా ఉంటే బాగుండేదేమో." – ఒక తండ్రి, గుంటూరు

ఆ ఆఖరి మాట మీ అమ్మాయి దగ్గర అనకండి సార్. అనేసి ఉంటే, మళ్లీ అనకండి. తప్పు నీదేనని ఆఫీసు ఇప్పటికే రేటింగ్ రూపంలో చెప్పింది. ఇంట్లోనూ అదే వినిపిస్తే ఆమె పేపర్లు పెట్టేస్తుంది, వాళ్లకి కావాల్సిందీ అదే.

నిరూపించగలరా అంటే, చాలావరకు చూపించవచ్చు. కక్షతో చేశామని ఎవరూ మెయిల్‌లో రాయరు. అలాంటి మెయిల్ దొరికితేనే కేసు అనుకుని చాలామంది మొదట్లోనే వదిలేస్తారు. ఫిర్యాదుకి ముందు పరిస్థితి ఏమిటి, తర్వాత ఏమిటి, మధ్యలో ఆమె పనిలో నిజంగా ఏం మారింది అన్నదే చూస్తారు. పనిలో ఏమీ మారకుండా రేటింగ్ మాత్రం మారితే, ఎందుకు మారిందో కంపెనీ చెప్పుకోవాల్సి వస్తుంది.

కాబట్టి ముందు తేదీలు వరుసగా రాయించండి. గత మూడేళ్ల రేటింగులు, అక్టోబర్ వరకు వచ్చిన మెచ్చుకోలు మెయిళ్లు, ఏడాది మధ్యలో జరిగిన రివ్యూలో ఏమన్నారో పైన. నవంబర్‌లో ఫిర్యాదు. జనవరి 22, ఆ మాట చెప్పింది ఎవరు, ఏ కారణం చెప్పారు. మార్చిలో రేటింగ్, దాని కింద రాసిన వ్యాఖ్యలు యథాతథంగా. ఇందులో నేనైతే ముందు వ్యాఖ్యల్నే చూస్తాను. "చొరవ తక్కువ, టీమ్‌తో కలవదు" లాంటి గాలిమాటలుంటే, ఏ ప్రాజెక్టులో, ఏ తేదీన అని మర్యాదగా మెయిల్‌లో అడగమనండి. జనవరిలో "క్లయింట్ అడిగాడు" అని, మార్చిలో "డెలివరీలు ఆలస్యం" అని, హెచ్‌ఆర్ దగ్గర ఇంకోటి చెబితే, ఆ మారే కారణాలే మీకు పెద్ద సాక్ష్యం. అలాగే అదే రిలీజ్ ఆలస్యానికి టీమ్‌లో మిగతావాళ్లకి ఎంత రేటింగ్ వచ్చింది? లీడ్ బాధ్యత తీసేముందు మామూలుగా ఇచ్చే ఫీడ్‌బ్యాక్, మెరుగుపడటానికి గడువు ఈమెకి ఇచ్చారా? అందరికీ పాటించే పద్ధతి ఈమె దగ్గరే తప్పితే అదీ రాసుకోవాలి.

"ఇచ్చింది వేరే మేనేజర్" అన్న మాటకి బెదరకండి. సంతకం ఎవరిదన్నది కాదు, ఆ అంకె వెనక ఎవరి మాట ఉందన్నది ప్రశ్న. ఆ కొత్త మేనేజర్ ఎవరికి రిపోర్ట్ చేస్తాడు? రేటింగులు సర్దే మీటింగ్‌లో డెలివరీ మేనేజర్ కూర్చున్నాడా? కొత్తాయనకి ఫిర్యాదు సంగతి తెలుసా? నిజంగా తెలియదని తేలితే, ఆయన సొంతంగా ఇచ్చిన రేటింగ్‌ని కక్ష అనడం కష్టం. పాతాయన చెప్పింది విని వేశాడంటే మాత్రం లెక్క మారుతుంది.

కోర్టులు ఇలా చూస్తాయా అని మీ అనుమానం కావచ్చు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పంజాబ్ అండ్ సింద్ బ్యాంక్ కేసులో చూసింది ఇదే. ఇండోర్ బ్రాంచిలో చీఫ్ మేనేజర్‌గా ఉన్న ఒక మహిళ అక్కడి అక్రమాల గురించి పైవాళ్లకి రాశారు, జోనల్ మేనేజర్ మీద వేధింపుల ఫిర్యాదూ చేశారు. ఆమెని జబల్‌పూర్ జిల్లాలోని ఒక చిన్న బ్రాంచికి బదిలీ చేశారు. ఆమెది స్కేల్ 4 హోదా, ఆ బ్రాంచి మామూలుగా స్కేల్ 1 అధికారికి ఇచ్చేది. బదిలీ చేసే అధికారం బ్యాంకుకి లేదని కోర్టు అనలేదు. ఆ సమయం, ఆ హోదా తేడా చూసి అది కక్షసాధింపేనంది, తిరిగి ఇండోర్‌లోనే వెయ్యమంది. అయితే అది ప్రభుత్వ రంగ బ్యాంకు కాబట్టి హైకోర్టులో రిట్ వేయగలిగారు. ప్రైవేటు ఉద్యోగికి ఆ దారి సాధారణంగా ఉండదు. మీ అమ్మాయికి ముందున్న దారి కమిటీయే.

అక్కడ చాలామందికి తెలియని ఒక వెసులుబాటు ఉంది. పోష్ నిబంధనల్లో 8వది ప్రకారం, విచారణ నడుస్తుండగా బాధితురాలు రాతపూర్వకంగా కోరితే, ఆరోపణ ఉన్న వ్యక్తి ఆమె పనితీరు మీద రిపోర్టు రాయకుండా ఆపి, ఆ పని వేరే అధికారికి అప్పగించమని కమిటీ కంపెనీకి సిఫారసు చేయవచ్చు. కోరాలి, దానంతట అది రాదు. ఇది నవంబర్‌లోనే అడగాల్సింది. ఇప్పుడైనా అడగమనండి, రేటింగ్‌ని ఆయనతో సంబంధం లేని వ్యక్తితో మళ్లీ చూపించమని కూడా కలిపి రాయమనండి. విచారణ 90 రోజుల్లో ముగియాలని చట్టంలోనే ఉంది, ఆ గడువు దాటిందని గుర్తు చేయమనండి. "రేటింగులు మా పని కాదు" అని కమిటీ అంటే, ఉద్యోగానికి నష్టం చేస్తామనే బెదిరింపు కూడా వేధింపు కిందికి రావచ్చని సెక్షన్ 3 చెబుతోందని రాయమనండి. కాపీ కమిటీలో కంపెనీ బయటి నుంచి ఉండే సభ్యులకీ వెళ్లాలి.

మీ కేసు ఎక్కడ బలహీనపడుతుందో కూడా చెబుతాను. ఫిర్యాదుకి ముందే, సెప్టెంబర్‌లోనో అక్టోబర్‌లోనో పని బాగాలేదని ఎవరైనా రాసి ఉంటే, మార్చి రేటింగ్ దానికి కొనసాగింపే అంటారు. ఆ ఏడాది టీమ్ అంతటికీ రేటింగ్ తగ్గినా అంతే. ఇవి ఉన్నాయేమో ఆమెనే అడగండి, దాచకుండా చెప్పమనండి. ఇంకో ప్రమాదం, ఆవేశంలో కంపెనీ ఫైళ్లు సొంత మెయిల్‌కి పంపుకోవడం. రేటింగ్ తగ్గించడానికి వాళ్ల దగ్గర లేని కారణం, ఉద్యోగం తీసేయడానికి దొరుకుతుంది. తేదీలు, ఎవరు ఏమన్నారు అన్నది సొంత నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు. లింక్డిన్‌లో పెట్టమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఫిర్యాదులోని విషయాలు, పేర్లు బయటపెట్టకూడదని ఆ చట్టంలోనే ఉంది.

ఇక ఎంఎస్. నిజం చెప్పండి, ఈ ఆలోచన మీ అమ్మాయిదా, బంధువుల పిల్లల్ని చూసి మీకు వచ్చిందా? చదువు కోసం వెళ్లేవాళ్లని నేను ఆపను. పారిపోవడానికి వెళ్లేవాళ్లని చూస్తే మాత్రం నాకు భయం. లక్షల అప్పు తెచ్చి, రెండేళ్లు చదివి, తర్వాత స్టెమ్ కోర్సులకైతే మూడేళ్ల వరకు దొరికే పని అనుమతి మీద ఉద్యోగం వెతకడం, ఆపై హెచ్1బి లాటరీ. అక్కడా మేనేజర్లుంటారు, అప్పుడు వీసా కూడా ఆ ఉద్యోగం చేతిలోనే ఉంటుంది. ఇక్కడ ఎదురు చెప్పగలిగిన అమ్మాయి అక్కడ నోరు మూసుకోవాల్సి రావచ్చు. కాస్త కటువుగా అన్నాను, కానీ ఇల్లు తాకట్టు పెట్టే ముందు ఎవరో ఒకరు అనాలి.

మీ అసలు టెన్షన్ కెరీర్ పోయిందని అయితే, ఒక్క ఏడాది 2 రేటింగ్‌తో ఏమీ పోదు. తర్వాతి కంపెనీ అడిగేవి రిలీవింగ్ లెటర్, జీతం స్లిప్పులు, కొందరు ఇంక్రిమెంట్ లెటర్ అడుగుతారు. అప్రైజల్ వ్యాఖ్యలు వాళ్ల చేతికి మామూలుగా వెళ్లవు. వేరే ఉద్యోగం పక్కనే వెతుక్కోవచ్చు, అందులో తప్పేమీ లేదు. చేతిలో ఆఫర్ లేకుండా మాత్రం రాజీనామా చేయనివ్వకండి. చేస్తే "తనే వెళ్లిపోయింది" అన్నది వాళ్లకి సులువైన సమాధానం అవుతుంది.

ముందు తేదీ చూసుకోండి. ఘటన జరిగిన 3 నెలల్లోపు కమిటీకి ఫిర్యాదు ఇవ్వాలి. వరుసగా జరిగితే ఆఖరి ఘటన నుంచి లెక్క. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు పొడిగించవచ్చు, కానీ దాని మీద ఆధారపడకండి. లీడ్ బాధ్యత తీసేసింది జనవరి 22న కాబట్టి, ఈ కక్షసాధింపు మీద కొత్త ఫిర్యాదు ఏప్రిల్ 22 దాటకుండా, మెయిల్‌లో, అందినట్టు జవాబు తెప్పించుకునేలా వెళ్లాలి.